గోదావరిలో కొట్టుకుపోయిన రాయలసీమ

గ్రూప్‌-1 మెయిన్స్‌ మోడల్‌ టెస్టు పేపర్లు దిద్దుతున్నాం. జనరల్‌ ఎస్సేలో ఒక్కో వ్యాసానికి 50 మార్కులు. ప్రశ్న: ‘రాయలసీమ కరువుకు ప్రకృతి ఎంత కారణం, పాలన ఎంత కారణం? చర్చించండి.’ దీనికి ఒక మహానుభావుడు తొమ్మిది పేజీల నిండా గోదావరిని పారించాడు.

ఏం రాశాడండీ! 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్‌ దొర పట్టుదల, పచ్చబడిన డెల్టా, చివర్లో నీరే నాగరికత అంటూ కళ్లు చెమర్చే పేరా. ఏడో పేజీలో మాత్రం ‘అనంతపురం వంటి వర్షాభావ ప్రాంతాలు’ అని దారిన పోతూ సీమను పలకరించాడు. మా తోటి లెక్చరర్‌ గారు చదివి, నిట్టూర్చి, 38 వేశారు.

నేనో చిన్న పరీక్ష పెట్టాను. ప్రశ్న కనపడకుండా ఆ పేపరును గదిలో అందరికీ ఇచ్చి, ఇది ఏ ప్రశ్నకు జవాబో చెప్పమన్నాను. ‘నీటి ప్రాముఖ్యత’ అన్నారు ఒకరు. ‘కాటన్‌ జీవిత విశేషాలు’ అన్నారు ఇంకొకరు. హిస్టరీ మేడమ్‌ ‘బ్రిటిష్‌ పాలనలో సాగునీరు’ అన్నారు. టీ తెచ్చిన కుర్రాడు మొదటి పేజీ చూసి ‘పుష్కరాలా సార్‌?’ అన్నాడు. రాయలసీమ అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

‘భాష బాగుంది కదండీ, పాపం’ అన్నారు లెక్చరర్‌ గారు. బాగుంది. మా స్కీములో భాషకు 10 మార్కులు, తొమ్మిది ఇద్దాం. మిగతా 40 విషయానికీ వాదనకూ. ‘అదే దొరతనం గోదావరికి ఆనకట్ట కట్టింది, సీమ చెరువులను ఎందుకు పట్టించుకోలేదు?’ అని ఒక్క వాక్యం రాసి, దాని వెంట నడిచి ఉంటే ఆ ధవళేశ్వరమంతా పాలన వైపు సాక్ష్యమయ్యేది. ఆ వాక్యమే లేదు. ఉండదు, ఎందుకంటే ఈ వ్యాసం ప్రశ్న చూడకముందే తయారైంది. ఏ ప్రశ్నలో నీరు కనిపించినా దించెయ్యమని నోట్సు అమ్మినవాళ్లు చెప్పి పంపారు.

దాని కిందే ఇంకో పేపరుంది. కోడిగీతలు, రెండు వాక్యాలకో తప్పు. కానీ వాన రాకపోవడం ప్రకృతి పని, వచ్చిన నాలుగు చినుకులూ చెరువుకు చేరకుండా వంకలు ఆక్రమణకు గురవడం పాలన పని అని విడదీశాడు. బోర్లు ఎండుతున్నా వేరుశనగ తప్ప వేరే దారి చూపనిది ఎవరని నిలదీశాడు. ఇతనికి 21! సిగ్గుండాలండీ మనకి. అడిగినదానికి జవాబు చెప్పినవాడు నంగిగా చెప్పాడని 21, అడగనిదాన్ని దర్జాగా వాగినవాడికి 38! రేపు ఇదే మనిషి ఆఫీసరై, తాగునీళ్లు లేవని అర్జీ పట్టుకొచ్చిన రైతుకు గోదావరి హారతి గురించి చెబితే, అతన్ని అక్కడ కూర్చోబెట్టింది ఈ ఎర్ర పెన్నులే.

భాషకు 9, ఏడో పేజీలోని ఆ పలకరింపుకు 3, మొత్తం 12 అని దిద్దాను. రెండో పేపరుకు 33. లెక్చరర్‌ గారు నాతో మాట్లాడటం మానేశారు.