సవరణ: కాగితం వాసన వస్తే కాటనేనా?

"ఆదోనిలో కొన్న చొక్కా గుడ్డ దారం కాలిస్తే కాగితం వాసనే వచ్చింది. ప్యూర్ కాటనే కదన్నా?"

వాసన ఒక్కటే చాలదు. కాగితం వాసన వస్తే కాటనే అన్న మొన్నటి పోస్టుకు ఈ మాట కలుపుకోండి. గుడ్డలో నిలువుగా ఉండే పడుగు దారం, అడ్డంగా ఉండే పేక దారం విడివిడిగా లాగి, పట్టకారుతో పట్టుకుని నీళ్ల గిన్నె మీద కాల్చండి. కాటన్ అయితే మంట తీసినా నిప్పు పాకుతూనే ఉంటుంది, బూడిద వేలికి మెత్తగా రాలుతుంది. పాలియెస్టర్ మంట దగ్గరికి రాగానే ముడుచుకుంటుంది, నల్లటి పొగతో కరిగి గట్టి పూసలా మిగులుతుంది. చల్లారాకే ముట్టుకోండి, లేదంటే చర్మానికి అతుక్కుంటుంది.

రెండూ కలిపి వడికిన దారమైతే కాగితం వాసనే రావచ్చు, బూడిదలో మాత్రం నలగని పలుకులు తగులుతాయి. ఎంత శాతమో దీంతో తేలదు. పలుకులు లేకున్నా రేయాన్ కావచ్చు, అదీ కాగితంలాగే కాలుతుంది.

ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు, మంట తీస్తే దానంతటదే ఆరిపోతుంది. ధర్మవరం పట్టుదీ అదే కంపు కాబట్టి ఆ రెండింటికీ తేడా ముక్కు చెప్పలేదు.