టూరు ఖర్చు 92 వేలు, ఎల్‌టీఏ మినహాయింపు 28 వేలే ఎందుకు?

విజయవాడలో ఒక ప్రైవేటు ఉద్యోగికి జీతంలో భాగంగా ఏడాదికి 60 వేల రూపాయల ఎల్‌టీఏ, అంటే సెలవు ప్రయాణ భత్యం వస్తోందనుకుందాం. 2025 దసరాకు సెలవు పెట్టి, భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుని ఢిల్లీ, ఆగ్రా చూసొచ్చాడు. ట్రావెల్ ఏజెన్సీకి ప్యాకేజీ కింద 92 వేలు కట్టాడు. ఆ బిల్లు ఆఫీసులో ఇస్తే 60 వేలకూ పన్ను ఉండదని అతని ధీమా. అకౌంట్స్ వాళ్లు మాత్రం చార్జీ ఎంతో విడిగా చూపమని బిల్లు వెనక్కిచ్చారు.

వాళ్లు అడిగింది సబబే. ఆ ప్రయాణానికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(5), రూల్ 2బీ ప్రకారం మినహాయింపు ప్రయాణ చార్జీకే. ఆ 92 వేలను విడదీస్తే నలుగురికి రానూపోనూ సెకండ్ ఏసీ టికెట్లు 28 వేలు, హోటల్ 34 వేలు, ఢిల్లీ నుంచి ఆగ్రాకు, ఊళ్లో తిరగడానికి కారు 18 వేలు, భోజనాలు వగైరా 12 వేలు. పన్ను లేనిది ఆ 28 వేలకే. మిగతా 32 వేలు జీతంలో కలుస్తాయి. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 6,656 రూపాయలు కట్టాలి.

చాలామంది తడబడేది ఇంకోచోట. రైలు మార్గం ఉన్న ఊరికి విమానంలో కాకుండా ఎలా వెళ్లినా, దగ్గరి దారిలో ఫస్ట్ ఏసీ చార్జీ దాకా మినహాయింపు ఉంటుందని రూలు చెబుతుంది. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. సెకండ్ ఏసీలో వెళ్లినవాళ్లు ఫస్ట్ ఏసీ లెక్క రాసుకుంటే కుదరదు, పెట్టిన చార్జీయే లెక్క. వచ్చిన ఎల్‌టీఏ, పెట్టిన చార్జీ, రూలు పరిమితి, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే మినహాయింపు. నాలుగైదు ఊళ్లు తిరిగొచ్చినా, బయల్దేరిన చోటి నుంచి అన్నిటికంటే దూరంగా ఉన్న ఊరికి దగ్గరి దారిలో అయ్యే చార్జీ వరకే చూస్తారు. అందుకే ప్యాకేజీ తీసుకునేవాళ్లు డబ్బు కట్టేముందే టికెట్లు తమ పేర్లతో విడిగా ఇవ్వమని ఏజెన్సీని అడగాలి. టూరు అయిపోయాక ఆ బిల్లును విడగొట్టించడం పెద్ద తలనొప్పి.

ఇక బ్లాక్ సంగతి. ఎల్‌టీఏ ఏటా జీతంలో పడుతుంది కానీ, నాలుగేళ్ల బ్లాక్‌లో మినహాయింపు రెండు ప్రయాణాలకే. మన ఉద్యోగి టూరు పడిన బ్లాక్ 2022 జనవరి 1న మొదలైంది, 2025 డిసెంబరు 31తో ముగిసింది. పన్ను లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా, బ్లాక్ లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా. గందరగోళమంతా ఇక్కడే. మన ఉద్యోగి 2023 వేసవిలో ఒకసారి, 2025 దసరాకు ఒకసారి క్లెయిమ్ చేశాడు కాబట్టి అతని రెండూ అయిపోయాయి. అతని సహోద్యోగి 2022లో ఒక్కసారే వాడుకున్నాడు, ఆ దసరా తర్వాత వచ్చిన సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో కాశీ వెళ్దామనుకున్నాడనుకుందాం. ఆ సంక్రాంతి వచ్చింది 2026 జనవరిలో. ఆర్థిక సంవత్సరం మారదు గానీ బ్లాక్ మారిపోతుంది.

అయినా అతను నష్టపోడు. పాత బ్లాక్‌లో మిగిలిన ఒక ప్రయాణాన్ని కొత్త బ్లాక్ మొదటి ఏడాదిలో, అంటే 2026లో వాడుకోవచ్చు. అది కొత్త బ్లాక్‌లోని రెండిట్లో ఒకటిగా లెక్కకు రాదు. కాకపోతే ఇది పాత బ్లాక్‌లో మిగిలిన ప్రయాణమని క్లెయిమ్‌లోనే స్పష్టంగా రాయాలి. పాత బ్లాక్‌లో ఒక్కసారి కూడా వెళ్లనివాళ్లకు సైతం ముందుకు వచ్చేది ఒక్కటే, రెండోది పోయినట్లే. 2026లోనూ వెళ్లకపోతే ఆ ఒక్కటీ పోతుంది.

ఇదంతా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానంలో ఉంటే ఎల్‌టీఏ మొత్తానికీ పన్ను పడుతుంది, టికెట్లు దాచుకున్నా ఉపయోగం లేదు.

చార్జీకే పరిమితం చేయడాన్ని నేను తప్పుపట్టను. హోటల్ బిల్లులు కూడా ఒప్పుకుంటే దొంగ బిల్లులకు అంతుండదు. కానీ గుంటూరు నుంచి తిరుపతికి వయసు మళ్లిన అమ్మానాన్నలను అద్దె కారులో తీసుకెళ్లే ఉద్యోగి మాటేమిటి? తన మీద ఆధారపడిన తల్లిదండ్రులు కుటుంబం కిందికే వస్తారు, ఫస్ట్ ఏసీ చార్జీ దాకా రూలూ అడ్డు చెప్పదు. అయినా కారు బిల్లును చాలా ఆఫీసులు ముట్టుకోవు. కిలోమీటర్లు, తేదీలు, ప్రయాణికుల పేర్లు ఉన్న జీఎస్టీ బిల్లు ఉంటే తీసుకోవాలని పన్ను శాఖ ఒక్క ముక్క స్పష్టంగా చెబితే ఈ బెరుకు తగ్గుతుంది. అలాగే బ్లాక్‌ను కూడా ఏప్రిల్ నుంచి లెక్కించాలి. డిసెంబరులో వెళ్తే ఒక బ్లాక్, నెల తిరక్కుండా సంక్రాంతికి వెళ్తే మరో బ్లాక్ అవడం వల్ల ఖజానాకు ఒరిగేదేమీ లేదు, ఉద్యోగికి టెన్షన్ తప్ప.