మైనస్ 16 గ్రాముల ఆక్సిజన్

నిన్న రాత్రి జరిగింది, చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి, చల్లారకముందే రాసేస్తున్నా. మా అన్నయ్య కూతురు కెమిస్ట్రీ నోట్సు పట్టుకొచ్చి "బాబాయ్, ఈ ఆన్సర్ ఒక్కసారి చెక్ చేసి పెట్టవా" అంది. నేనూ ఒకప్పుడు కెమిస్ట్రీ చదివినవాణ్ణే, ఆ సంగతి ఇంట్లో నెలకోసారైనా ఎవరికో ఒకరికి గుర్తుచేస్తుంటా కాబట్టి తప్పించుకునే దారి లేదు.

లెక్క చిన్నదే. 34 గ్రాముల అమ్మోనియా, 64 గ్రాముల ఆక్సిజన్ ఉన్నాయి, రియాక్షన్ పూర్తిగా జరిగితే ఎన్ని గ్రాముల నైట్రిక్ ఆక్సైడ్ వస్తుంది? ఈక్వేషన్ 4NH3 + 5O2 → 4NO + 6H2O. (నిజంగా చేయాలంటే ఎర్రగా కాలిన ప్లాటినం జాలీ ఉండాలి, లెక్కలో మాత్రం అలాంటి ఖర్చులేం ఉండవు.) తను 48 గ్రాములు అని వేసింది. గైడ్ వెనక పేజీలో 60 అని ఉంది. స్టెప్పు లేదు, కారణం లేదు, 60 అంతే, రాయి విసిరినట్టు. నేను వెంటనే ఎర్ర పెన్ను తీశా.

అయినా గుడ్డిగా కొట్టేయలేదు, చెక్ చేశాననే నా బాధ. ముందు ఈక్వేషన్ బ్యాలెన్స్ చూశా. నైట్రోజన్ అటు 4 ఇటు 4, హైడ్రోజన్ 12, 12, ఆక్సిజన్ అటు 10, ఇటు 4 ప్లస్ 6, పదే. భేష్. తర్వాత మోల్స్. అమ్మోనియా మోల్ 17 గ్రాములు, అంటే 2 మోల్స్. ఆక్సిజన్ మోల్ 32, అదీ 2 మోల్సే. రెండూ సమానంగా వచ్చేసరికి ప్రాణం హాయిగా అనిపించింది, గ్రాముల్లో చూస్తే అమ్మోనియానే తక్కువ కాబట్టి ముందు అయిపోయేది అదే, అదే లిమిటింగ్ రియాజెంట్ అని తేల్చేశా. ఇంత ధైర్యంగా తప్పు చేయడం కూడా ఒక విద్యే. 2 మోల్స్ అమ్మోనియాకి 2 మోల్స్ NO, మోల్ 30 గ్రాములు, మొత్తం 60. గైడ్ కూడా 60. 48 మీద ఎర్ర గీత పడిపోయింది.

అక్కడితో పెన్ను మూసేసి ఉంటే సగం పరువైనా మిగిలేది. కానీ నేను "ఇలా కూడా చెక్ చేయాలమ్మా, చూడు" అని మొత్తం బరువు లెక్క మొదలుపెట్టా. లోపలికి వెళ్ళింది 34 ప్లస్ 64, 98 గ్రాములు. బయటకొచ్చింది NO 60, నీళ్ళు 3 మోల్స్ అంటే 54, కలిపితే 114. ఇక్కడ ఒక్క సెకను గుండె ఆగింది. 98 లోపలికెళ్ళి 114 బయటకు రావడమేంటి? వెంటనే గుర్తొచ్చింది, మిగిలిపోయిన ఆక్సిజన్ కలపలేదు కదా! ఉన్నది 2 మోల్స్, ఖర్చయింది 2.5, మిగిలింది మైనస్ 0.5, అంటే మైనస్ 16 గ్రాములు. 114లోంచి 16 తీస్తే 98! సరిగ్గా 98! బల్ల మీద చెయ్యి వేసి కొట్టా. "చూశావా, పైసా తేడా లేదు!"

తను నోట్సు వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ నోట్సు వైపు చూసి చాలా మర్యాదగా అడిగింది. "బాబాయ్, మైనస్ 16 గ్రాముల ఆక్సిజన్ ఫ్లాస్కులో ఎక్కడుంటుంది?"

"మైనస్ అంటే అయిపోయిందని అర్థం."

"అయిపోతే సున్నా కదా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు కానీ నోరు ఊరుకోదుగా. అప్పు లాంటిదన్నా. ఎవరిచ్చారంది. గాలి అన్నా. ఫ్లాస్కు మూసి లేదా అంది. నిజానికి ఆ క్షణంలో నా కళ్ళ ముందు ఆ మైనస్ 16 గ్రాములు కనిపించాయి, తక్కెడలో పెడితే ఆ పళ్ళెం పైకి లేస్తోంది, ముక్కుతో పీలిస్తే ఊపిరి ఆడాల్సింది పోయి ఉన్న ఊపిరి కూడా పోతోంది, ఇంకాసేపు ఊరుకుంటే దాన్ని సిలిండర్‌లో నింపి అమ్మేవాణ్ణేమో.

అయినా 98 ఎలా సరిపోయిందని నేను పట్టు వదల్లేదు. తను పెన్సిల్ తీసుకుని, 4 మోల్స్ అమ్మోనియా ఖర్చయిందనుకుందాం బాబాయ్ అంది. ఉన్నదే 2 కదే అన్నా. "ఊరికే అనుకుందాం." NO 120 గ్రాములు, నీళ్ళు 108, అమ్మోనియా మైనస్ 34, ఆక్సిజన్ మైనస్ 96. కూడితే? 98. నేను రెండోసారి కూడా కూడి చూశా, 98 కాక ఇంకేం వస్తుంది. ఈక్వేషన్ బ్యాలెన్స్ అయి ఉంటే చాలు, ఎంత ఖర్చయిందని ఏ అంకె వేసినా మొత్తం బరువు కలిసిపోతుందట. ఈక్వేషన్ తప్పయితే ఆ చెక్ పట్టుకుంటుంది, లిమిటింగ్ రియాజెంట్ తప్పయితే దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. అది అరవకపోయినా మైనస్ మాత్రం అరుస్తూనే ఉంది, నేనే దాన్ని తీసివేత గుర్తు కిందకి నెట్టేశా.

ఆ తర్వాత ఈక్వేషన్‌ని తను మళ్ళీ మొదట్నుంచి బ్యాలెన్స్ చేసింది, నాలాగా ఉన్నదాన్ని లెక్కపెట్టి తలూపడం కాదు. మన దగ్గర అమ్మోనియా 2 మోల్స్ కాబట్టి దాని ముందు 2 పెట్టి మొదలుపెట్టింది. నైట్రోజన్ కోసం 2NO, హైడ్రోజన్ 6 కాబట్టి 3H2O, కుడి వైపు ఆక్సిజన్ 2 ప్లస్ 3, అయిదు, అంటే ఎడమ వైపు O2 రెండున్నర. కాగితం మీద 2NH3 + 2.5O2 అని కనబడగానే అయిపోయింది నా పని. రెండున్నర కావాలి, ఉన్నది రెండు. 80 గ్రాములు కావాల్సిన చోట 64 ఉంది. ఆ తేడా 16 ఎక్కడో విన్నట్టుంది కదూ.

మోల్స్‌ని వాటి ముందున్న అంకెతో భాగించి చూసినా అదే. అమ్మోనియాకి 2 బై 4, 0.5. ఆక్సిజన్‌కి 2 బై 5, 0.4. చిన్నది ఆక్సిజన్. మోల్స్ సమానంగా ఉండటమే నన్ను ముంచింది, గ్రాముల్లో ఎక్కువున్నదే ముందు అయిపోతుందని ఎవరనుకుంటారు (తను అనుకుంది). 1.6 మోల్స్ NO, 48 గ్రాములు. నీళ్ళు 43.2, మిగిలిన అమ్మోనియా 6.8. మొత్తం 98, మైనస్‌లు లేకుండా.

ఇప్పుడు ఆ గైడ్ రాసిన మహానుభావుణ్ణి ఒక్కటి అడగాలి. మైనస్ 16 గ్రాములు ఆయన ఎక్కడ దాచాడు? నేనంటే రాత్రిపూట నిద్రమత్తులో చేశాను, ఆయన అచ్చు వేయించి మరీ అమ్ముతున్నాడు. ఆ 60 అక్కడ లేకపోతే నేను ఎర్ర పెన్ను తీసేవాణ్ణే కాదు. సరే, తీసేవాణ్ణే, కానీ అంత గట్టిగా గీసేవాణ్ణి కాదు, పక్క పేజీలోకి కూడా అచ్చు దిగింది.

పొద్దున చూస్తే నోట్సులో నా ఎర్ర గీత కింద పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాసి ఉంది, "బాబాయ్ బాకీ: O2, 16 గ్రా." వదిన అది చదివి, ఎవరికి బాకీ, ఏం కొన్నావయ్యా అని వంటింట్లోంచి అడుగుతోంది.