డిడ్ దగ్గర ఒకసారి కట్టాం కదా!

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లలో ఒక పవిత్రమైన ఆచారం ఉంది. చెన్నై పార్టీ వాట్సాప్‌లో ఏది అడిగినా ఆ క్షణంలోనే, అదీ ఇంగ్లీషులోనే జవాబు పడాలి. ఒక చేతిలో కాటా చీటీ, ఇంకో చేతిలో ఫోను, ఎదురుగా లోడు కోసం అరుస్తున్న లారీ డ్రైవరు. ఖాళీగా ఉన్నది బొటనవేలు ఒక్కటే, అది కొట్టేస్తుంది: ‘వియ్ డిడ్ నాట్ సెంట్ ద బిల్. రేట్ విల్ బీ డిస్కస్ టుమారో.’

ఇందులో మొదటి వాక్యం నేరం ఆర్థికమైనది. డిడ్ అంటే మన కాజ టోల్‌గేటు అనుకోండి, భూతకాలం రుసుం అక్కడే కట్టేశాం, ఇక వెనకొచ్చే క్రియ దర్జాగా ‘సెండ్’ అని వెళ్లిపోవచ్చు. కానీ మనవాళ్లు ఉదారులు, సెంట్ అని మళ్లీ కడతారు. పాపం తెలుగు మీదకి నెట్టడానికి కూడా లేదు, ఎందుకంటే మనం ‘పంపలేదు’ అంటామేగానీ ‘పంపాను లేదు’ అని చంటిపిల్లాడు కూడా అనడు. ఎవరైనా సరిదిద్దితే మరీ ప్రమాదం. అప్పటినుంచి సెంట్ అంటేనే భయం పట్టుకుని, అది నిజంగా కావలసిన చోట ‘హావ్ నాట్ సెండ్’ అని పంపుతారు. స్పెల్లింగ్ చూసే ఫోనేమో రెండింటికీ తలూపుతుంది, రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కదా.

భూతకాలంలోనూ స్పెల్లింగ్ మారని పుట్, కట్, రీడ్ లాంటి క్రియలు వాడేవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి పట్టుబడకుండా తిరుగుతున్నారు. ‘డిడ్ నాట్ కట్’ అని కొట్టినవాడు ఏ రూపం అనుకుని కొట్టాడో తేల్చే పోలీస్ స్టేషన్ ఇంకా పెట్టలేదు.

అసలు చిక్కు రెండో వాక్యంలో ఉంది. ‘బీ’ ఒంటరిగా ‘డిస్కస్’ని పట్టుకోలేదు, దానికి తోక కావాలి. ఏ తోక అన్నది వాక్యం మొదట్లో ఎవరున్నారో చూస్తే తెలుస్తుంది. ‘వియ్’ ఉంటే మాట్లాడేది మనం, కాబట్టి డిస్కసింగ్. ‘రేట్’ ఉంటే అది నోరు తెరవదు, దాని గురించి ఎవరో మాట్లాడాలి, కాబట్టి డిస్కస్డ్. పైగా ఆ చివరి శబ్దం గబగబా పలికితే చెవికి ఆనదు, చెవికి ఆననిది వేలికి ఎక్కడ తడుతుంది?

‘వియ్ విల్ డిస్కస్ ద రేట్ టుమారో’ అని బీని పీకేస్తే గొడవే లేదు. అయినా పీకరు. బీ లేని ఇంగ్లీషు మరీ కొట్టు ఇంగ్లీషులా ఉంటుందట, బీ ఉంటే కలెక్టరాఫీసు నుంచి వచ్చినట్టుంటుందట!

ఇంతకీ చెన్నై పార్టీ ఏమీ కంగారుపడలేదు. పావు నిమిషంలో తిరుగు జవాబు వచ్చింది: ‘ఓకే సర్. డిడ్ యూ లోడెడ్?’