మెజెంటా పక్కకు జరిగితే నా మానిటర్ ఏం చేస్తుందండీ?

నా పుస్తకం అచ్చేస్తున్న ప్రెస్ నుంచి ఇప్పుడే ఫోన్. అచ్చుకు ముందు చూసుకోమని పంపిన ప్రూఫ్‌లో తప్పులున్నాయని నేను ఒక పేజీ నోట్ రాసి పంపితే ప్రెస్ ఆయన చెప్పిన మొదటి జవాబు: "మీ మానిటర్‌లో కలర్ తేడాగా కనిపిస్తుంది సార్, మా దగ్గర కరెక్టే." నేను మాట్లాడేది నా చేతిలో ఉన్న కాగితం గురించి. కాగితానికీ మానిటర్‌కీ సంబంధం ఏంటో ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

పుస్తకం అట్ట ముదురు నీలం. సయాన్ అనే నీలం ఇంకు 100 శాతం, మెజెంటా అనే గులాబీ ఇంకు 70 శాతం. దాని మీద పేరు తెల్ల అక్షరాల్లో, అంటే అక్కడ ఇంకు పడకుండా వదిలేసిన కాగితమే అక్షరం. ప్రూఫ్‌లో ప్రతి అక్షరానికీ ఎడమ అంచు లోపల సన్నటి గులాబీ గీత, కుడి అంచు బయట లేత నీలం గీత. దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఒక్కో ఇంకుకూ ఒక్కో ప్లేటు ఉంటుంది, అందులో మెజెంటా ప్లేటు కుడికి జరిగింది. ఎడమ పక్క మెజెంటా తెల్ల భాగంలోకి చొరబడింది, కుడి పక్క మెజెంటా చేరక ఉత్త సయాన్ మిగిలింది. ప్లేట్లన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడ్డాయో లేదో చెప్పే రిజిస్ట్రేషన్ మార్కును భూతద్దం పెట్టి చూస్తే మెజెంటా ప్లస్ గుర్తు మిగతా వాటికి దాదాపు 0.3 మిల్లీమీటర్లు కుడికి ఉంది. షీట్ నాలుగు మూలల్లోనూ అంతే, అటువైపే. కాగితం తేమకు సాగి ఉంటే ఒక్కో చోట ఒక్కోలా ఉండేది. ఇది ప్లేటు సరిచేస్తే పోయే తప్పు. ఇదంతా నోట్‌లో రాశాను, ఏ అక్షరం దగ్గర చూడాలో పెన్నుతో గుండ్రం చుట్టి మరీ.

ఆయన సమాధానం వినండి: "లోపల మేటరు చూడండి సార్, ఎంత షార్ప్‌గా ఉందో!" బాబూ, లోపల మేటరు ఒక్క నలుపు ఇంకుతో పడింది. ఒకే ప్లేటు దేనితో తప్పుతుంది, దాని నీడతోనా? రిజిస్ట్రేషన్ బాగుందని చూపించడానికి నలుపు అక్షరాలు చూపించేవాళ్లను ఏమనాలో మీరే చెప్పండి.

ఇక రెండోది బూడిద రంగు. వెనక అట్ట మీద బూడిద పట్టీ ఉంది, సయాన్ 50, మెజెంటా 40, పసుపు 40 కలిసి వచ్చేది. ఆ మూడిట్లో ఒకటి కాస్త ఎక్కువైనా వెంటనే బయటపడే రంగు అదే. నాకు వచ్చింది గులాబీ. ట్యూబులైటు కింద కాదు, రంగులు చూడటానికి వాడే 5000 కెల్విన్ లైటు కింద పెట్టే చూశాను. అక్కడా గులాబీయే. ఏ ఇంకు ఎంత పడిందో చూసుకోవడానికి షీట్ అంచున వేసే కలర్ బార్‌లో మెజెంటా గడి కూడా ముందు వాళ్లే ఇచ్చిన మంచి షీట్ కన్నా చిక్కగా ఉంది. ఇంకు ఎక్కువ పెట్టారు, అంతే.

"ప్లేటు సరిచేస్తే కలర్ అదే సెట్ అవుతుంది" అట. అవదు! ప్లేటు అంత కొంచెం జరిగితే తేడా అంచుల్లో కనిపిస్తుంది, ఇంత పట్టీ మొత్తం గులాబీ అవ్వదు. ఇది ఇంకు తగ్గిస్తే పోయేది. రెండు తప్పులు, రెండు మందులు. అందుకే నోట్‌లో రెండూ విడివిడిగా రాశాను. "కలర్ బాగోలేదు, కాస్త చూడండి" అని రాసి పంపితే వాళ్లు కాస్త చూస్తారు, అంతకుమించి ఏమీ చెయ్యరు.

అసలు మంట ఏంటంటే, నేను ఓకే అనకముందే కొన్ని షీట్లు తిప్పేశారు. "అడ్జస్ట్ అవ్వండి సార్." ఈ మాట నాకు కొత్త కాదు. వెనకటి పుస్తకంలో ముందు పేజీ, వెనక పేజీ కలవలేదు. లైటుకు పట్టి చూస్తే ఒక వైపు మార్జిన్ ఇంకో వైపుకంటే తేలిగ్గా కనిపించేంత జారింది, కటింగ్‌లో కొన్ని పేజీల నంబర్లు సగం ఎగిరిపోయాయి. అప్పుడూ అడ్జస్ట్ అవ్వమన్నారు. అయ్యాను. ఆ పుస్తకం ఎవరికిచ్చినా మొదట చూసేది పేజీ నంబరే, "ఇదేంటి ఇలా ఉంది?" అనేది నన్నే. ప్రెస్ పేరు ఎవరూ అడగరు.

ఈసారి నోట్ చివర ఇలా రాశాను: "మెజెంటా ప్లేటును 0.3 మిల్లీమీటర్లు ఎడమకు జరిపి, మెజెంటా ఇంకు తగ్గించి, కొత్త ప్రూఫ్ తీయండి. మార్కులు, కలర్ బార్ కత్తిరించకుండా పూర్తి షీట్ పంపండి. నేను సంతకం పెట్టాకే మెషిన్ తిప్పండి. ఇప్పటికే పడిన షీట్లు ఈ పుస్తకంలో కలపకండి, వాటి బదులు మళ్లీ వేయండి."

ఇది చదివి ఆయన "ఇంత పెద్ద లెటరా సార్?" అన్నారు. ఇంత రాస్తేనే మానిటర్ అన్నారు, చిన్నదిగా రాస్తే ఇంకేమంటారో కదండీ!