కనుమకా, శ్రావణ శుక్రవారానికా: ఐదు ఐచ్ఛిక సెలవుల లెక్క

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి పదిహేను సీఎల్‌లు, అంటే క్యాజువల్ లీవులు ఉంటాయి. వాటితోపాటు ఐదు ఓహెచ్‌లు, అంటే ఐచ్ఛిక సెలవులు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఐచ్ఛిక సెలవులు ఐదే. సీఎల్‌లను అందరూ చూసి చూసి ఖర్చు పెట్టుకుంటారు. ఓహెచ్‌ల దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త కనిపించదు. సెక్షన్‌లో సెలవుల రిజిస్టర్ రాసే పని కొన్నేళ్లు నా చేతిలో ఉండేది. డిసెంబరు చివర్లో ఆ రిజిస్టర్ తిరగేస్తే సీఎల్ గళ్లన్నీ నిండి ఉండేవి. ఓహెచ్ గళ్లలో మాత్రం చాలామందికి రెండో మూడో గీతలే ఉండేవి. మిగిలినవి మరుసటి ఏడాదికి రావు, డిసెంబరు 31తో పోతాయి.

ఇలా పోవడానికి కారణం బద్ధకం కాదు. ఓహెచ్‌ను కూడా సీఎల్‌లాగే అవసరమొచ్చినప్పుడు వాడుకోవచ్చులే అనుకోవడమే అసలు కారణం. ఈ రెంటి స్వభావం వేరు. ఒంట్లో బాగాలేకపోయినా, పిల్లాడి స్కూలు నుంచి ఫోనొచ్చినా సీఎల్ ఆదుకుంటుంది. తర్వాత కాగితం పెట్టినా చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఓహెచ్ ఆ పనికి రాదు. అది ప్రభుత్వం ముందే అచ్చేసి ఇచ్చిన తేదీకే అంటుకుని ఉంటుంది, పైగా ముందుగా రాతపూర్వకంగా అడగాలి. పొద్దున్నే ‘సార్, ఇవాళ ఓహెచ్’ అని వాట్సాప్‌లో పెడితే దాన్ని సీఎల్‌గా రాసుకునే అవకాశమే ఎక్కువ. అందుకే నా లెక్క ఇది: తేదీ తెలిసిన అవసరాలన్నిటికీ ఓహెచ్‌లు వాడాలి, తేదీ తెలియని అవసరాలకు సీఎల్‌లు దాచాలి. కనుమకు సీఎల్ పెట్టి ఓహెచ్‌ను మురగబెట్టుకున్నవాళ్లు మార్చిలో జ్వరమొస్తే ఇబ్బంది పడతారు.

2025 జాబితానే తీసుకుందాం. ఆ ఏడాదికి తెలంగాణ ప్రభుత్వం 27 సాధారణ సెలవులు, 23 ఐచ్ఛిక సెలవులు ప్రకటించింది. ఇరవై మూడు చూడగానే చాలా ఎంపిక ఉందనిపిస్తుంది. క్యాలెండర్ పక్కన పెట్టుకుని పెన్ను తీస్తే అవి కరిగిపోవడం మొదలవుతుంది. హజ్రత్ అలీ జయంతి జనవరి 14న వచ్చింది, అది సంక్రాంతి, ఎలాగూ సెలవే. తమిళ సంవత్సరాది ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజే వచ్చింది. పార్సీ నూతన సంవత్సరం ఆగస్టు 15న పడింది. రాఖీ పున్నమి ఆగస్టు 9న, రెండో శనివారం. నరక చతుర్దశి అక్టోబరు 19, ఆదివారం. ఇవి జాబితాలో వరుస సంఖ్యలుగా ఉన్నా ఉద్యోగికి పనికొచ్చేవి కావు. అందుకని ఉత్తర్వు చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని వీటిని కొట్టేయడం. ఏరుకోవడం ఆ తర్వాతే.

నాకు తెలిసిన ఒక సీనియర్ అసిస్టెంట్ ఆ ఏడాది చేసిన ఎంపిక చెబుతాను. ఆమె ఉద్యోగం హనుమకొండలో, పుట్టిల్లు రాజమండ్రి వైపు. అత్తగారింట్లో బతుకమ్మ, దసరా పెద్ద పండుగలు. జనవరి 11 రెండో శనివారం, 12 ఆదివారం, 13 భోగి, 14 సంక్రాంతి. 15 కనుమ మాత్రం తెలంగాణలో ఐచ్ఛిక సెలవు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, పుట్టింటికి వెళ్లిన ఆడపిల్ల ఆరోజు బయల్దేరదు. ఒక్క ఓహెచ్‌తో ఐదు రోజులు చేతికొచ్చాయి. రెండోది మే 12, బుద్ధ పూర్ణిమ, సోమవారం. దాని ముందు రెండో శనివారం, ఆదివారం ఉన్నాయి. పిల్లల వేసవి సెలవుల్లో మూడు రోజుల ప్రయాణానికి సరిపోయింది. మూడోది ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం, శుక్రవారం. ఆ మర్నాడు మళ్లీ రెండో శనివారమే.

మిగిలిన రెండూ దసరాకు పెట్టింది. సెప్టెంబరు 30 మంగళవారం దుర్గాష్టమి, అక్టోబరు 1 బుధవారం మహర్నవమి, రెండూ ఐచ్ఛిక జాబితాలోవే. 2 గాంధీ జయంతి, విజయదశమి ఒకే రోజు. 3 దసరా మర్నాటి సెలవు. 29 సోమవారానికి ఒక సీఎల్, 4 శనివారానికి ఒక సీఎల్ కలిపితే 28 ఆదివారం నుంచి 5 ఆదివారం దాకా ఎనిమిది రోజులు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన నిబంధన ఒకటుంది. సీఎల్‌ను ఓహెచ్‌లతో, ఆదివారాలతో, ఇతర సెలవులతో కలుపుకోవచ్చు, కానీ మొత్తం గైర్హాజరు పది రోజులు దాటకూడదు. లెక్కలోకి సెలవు దినాలూ వస్తాయి. ‘నేను పెట్టింది రెండు సీఎల్‌లే కదా’ అనే వాదన అక్కడ చెల్లదు. పదకొండో రోజు పడిందంటే మొత్తం వేరే రకం సెలవుగా మార్చుకోమనే ప్రమాదం ఉంది.

ఈ ఎంపికలో నాకు నచ్చింది వంతెన సెలవుల తెలివి ఒక్కటే కాదు. ఆమె ముందు ఇంట్లో తప్పనిసరి రోజులు రాసుకుంది, ఆ తర్వాతే వారాలు చూసింది. కనుమ, వ్రతం, దసరా ఆమెకు ఎలాగూ కావాలి. బుద్ధ పూర్ణిమ ఒక్కటే వారం చూసి తీసుకున్నది. దీన్ని తిరగేసి, కేవలం శని ఆదివారాల పక్కన పడ్డవాటినే ఏరుకునేవాళ్లను చూశాను. తీరా పండుగ రోజున సీఎల్ అడగాల్సి వస్తుంది. ఆ రోజు సెక్షన్‌లో సగం మంది అదే అడుగుతారు.

జాబితాలో తన మతం పండుగలే తనకు వర్తిస్తాయనే అపోహ ఇంకా పోలేదు. ఉత్తర్వులో ఈ విషయం స్పష్టంగా ఉంది: ఉద్యోగి ఏ పండుగనైనా తన ఇష్టప్రకారం ఎంచుకోవచ్చు, అది ఏ మతానిదన్న దానితో నిమిత్తం లేదు. 2025 మార్చి 28 రంజాన్ నెల చివరి శుక్రవారం, జుమాతుల్ విదా, ఐచ్ఛిక సెలవు. 30 ఆదివారం ఉగాది, 31 రంజాన్, ఏప్రిల్ 1 రంజాన్ మర్నాటి సెలవు. మధ్యలో 29 శనివారానికి ఒక సీఎల్ పెడితే ఐదు రోజులు. ఒక ఆఫీసులో ఓ హిందూ ఉద్యోగి 28కి ఓహెచ్ అడిగితే, ‘నీకు వర్తించదు’ అని దరఖాస్తు మీదే రాసి వెనక్కి ఇచ్చారు. అతను వాదించలేదు. ఉత్తర్వు నకలు తీసి, ఆ వాక్యం కింద గీత గీసి, అదే దరఖాస్తుకు జతచేసి మళ్లీ పెట్టాడు. సాయంత్రానికి సంతకమైంది. నువ్వు ఆ పండుగ చేసుకుంటావా అని అడిగే అధికారం పై అధికారికి లేదు. ముస్లిం ఉద్యోగి కనుమకు అడిగినా అంతే, క్రైస్తవుడు శ్రీపంచమికి అడిగినా అంతే.

ఇక దరఖాస్తు. సీఎల్ మంజూరు చేసే అధికారే ఓహెచ్‌నూ మంజూరు చేస్తారు, అంతకన్నా పైకి పంపాల్సిన పనిలేదు. ఉత్తర్వు ప్రకారం ఈ అనుమతి సాధారణంగా ఇవ్వాల్సిందే. కాదనడానికి ఒక్కటే మినహాయింపు: ప్రభుత్వ పని ఒత్తిడి వల్ల ఫలానా ఉద్యోగి ఆ రోజు ఉండి తీరాలని అధికారి భావించడం. దరఖాస్తు ఎలా రాయాలో ఈ వాక్యమే చెబుతుంది. సెలవు ఎందుకన్నది జాబితాలోనే ఉంది, కాబట్టి కారణం బతిమాలుకోనక్కర్లేదు. అధికారి మనసులో ఉండే ప్రశ్న ‘నీ సీటు ఎవరు చూస్తారు’ అన్నది. జవాబు దానికివ్వాలి. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఇలా ఉండేవి: ‘ఇంటి వద్ద పూజ ఉన్నందున, కుటుంబ సభ్యుల ఒత్తిడి మేరకు, దయతో ఒకరోజు సెలవు ఇప్పించ ప్రార్థన.’ ఇందులో ఓహెచ్ అన్న మాట లేదు, పండుగ పేరు లేదు. రిజిస్టర్ రాసేవాడు దీన్ని సీఎల్ గడిలో వేస్తే తప్పు అతనిది కాదు.

ఆ సీనియర్ అసిస్టెంట్ ఆగస్టుకు పెట్టింది దాదాపు ఇలా ఉంది:

‘విషయం: 08.08.2025 శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం – ఐచ్ఛిక సెలవుకు అనుమతి కోరుట గురించి.

2025 ఐచ్ఛిక సెలవుల జాబితాలోని వరలక్ష్మీ వ్రతం సందర్భంగా 08.08.2025న ఐచ్ఛిక సెలవు వినియోగించుకోవడానికి అనుమతించగలరు. ఈ సంవత్సరం ఇప్పటివరకు రెండు (15.01, 12.05) వాడుకున్నాను, ఇది మూడవది. ఆ రోజుకు గడువున్న నివేదికను 7వ తేదీ సాయంత్రానికి పంపుతాను. అత్యవసర ఫైళ్లను పక్క సీటు జూనియర్ అసిస్టెంట్ చూడటానికి అంగీకరించారు, వారి సంతకం కింద ఉంది. 9, 10 తేదీలు సెలవు దినాలైనందున 7వ తేదీ కార్యాలయ వేళల తర్వాత నుంచి 10 రాత్రి వరకు హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లడానికి కూడా అనుమతి కోరుతున్నాను.’

చివరి వాక్యం చాలామంది మరిచిపోతారు. సెలవు మంజూరైనా హెడ్‌క్వార్టర్స్, అంటే పనిచేసే ఊరు దాటడానికి విడిగా అనుమతి కావాలి. ఊరు వెళ్లాక మెమో వచ్చేది అక్కడే. నెలవంకతో ముడిపడ్డ పండుగైతే ఇంకో ముక్క కలపాలి: ‘తేదీ మారినట్లు ప్రభుత్వం ప్రకటిస్తే మారిన తేదీకే ఈ అనుమతి వర్తింపజేయగలరు.’ లేకపోతే మంజూరైన తేదీ ఒకటి, పండుగ ఒకటి అవుతాయి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఈ వెసులుబాటు లేదు, వాళ్లకు ఏడాదికి రెండే ఆర్‌హెచ్‌లు, అంటే రెస్ట్రిక్టెడ్ హాలిడేలు. ఢిల్లీ బయట 14 తప్పనిసరి సెలవులు పోను, 12 సందర్భాల జాబితా నుంచి మరో మూడింటిని రాష్ట్ర రాజధానిలోని సమన్వయ కమిటీ ఎంచుతుంది, మిగిలిన తొమ్మిదీ ఆర్‌హెచ్ జాబితాలోకి వెళ్తాయి. కాబట్టి హైదరాబాద్‌లోని కేంద్ర ఉద్యోగి ఆ మూడేవో తెలిశాకే తన రెంటినీ తేల్చుకోవాలి.

ఎంత బాగా రాసినా ఒకచోట దరఖాస్తు ఆగిపోతుంది. వరలక్ష్మీ వ్రతం రోజున ఆ సెక్షన్‌లో నలుగురు మహిళలూ ఓహెచ్ కావాలన్నారు. నలుగురూ వెళ్తే సెక్షన్ ఖాళీ, అప్పుడు పని ఒత్తిడి మినహాయింపు వాడటం అధికారికి న్యాయమే అవుతుంది. జులైలోనే వాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. ఐచ్ఛిక సెలవు జాబితాలోని తేదీకే తప్ప మన ఇంటి ఆనవాయితీకి జరగదు. అయితే ఒకావిడ ఇంట్లో శ్రావణంలో ఏ శుక్రవారం వీలైతే ఆ శుక్రవారం వ్రతం చేసుకుంటారు. ఆ ఏడాది ఆగస్టు 15 కూడా శ్రావణ శుక్రవారమే, పైగా జెండా పండుగ సెలవు. పొద్దున ఆఫీసులో జెండా వందనానికి వచ్చి, ఇంటికెళ్లి వ్రతం చేసుకుంటానంది. 8న సీట్లో ఆమె కూర్చుంది, మిగతా ముగ్గురికీ మంజూరైంది. అలా మిగిలిన ఓహెచ్‌ను ఆమె డిసెంబరు 24 బుధవారం, క్రిస్మస్ ఈవ్‌కు పెట్టుకుంది. 25 క్రిస్మస్, 26 మర్నాటి సెలవు. మూడు రోజులు కూతురి దగ్గరికి వెళ్లొచ్చింది.