ఈక్యూసీఆర్ అంటే చివరి రాత్రి సంతకం కాదండీ

"ఈక్యూసీఆర్ అంటే చివర్లో ఇంకో పార్ట్‌నర్ వచ్చి చెక్‌లిస్ట్ మీద సంతకం పెట్టడమే. ఇన్‌స్పెక్షన్‌లో రాసేవన్నీ డాక్యుమెంటేషన్ లోపాలు, పని చేశాం, పేపర్ పెట్టలేదు, అంతే. ఒక ఫైల్‌లో తప్పు దొరికితే అది ఆ పార్ట్‌నర్ తప్పు, ఫర్మ్ మొత్తానికి అంటగట్టడం అన్యాయం. చిన్న ఫర్మ్‌లని మూయించడానికే ఇవన్నీ." (సీఏ గ్రూపుల్లో వారం రోజులుగా తిరుగుతున్న మెసేజ్)

ఈ మెసేజ్ నాకు నలుగురు పంపారు, అందులో ఇద్దరు నా దగ్గర ఆర్టికల్‌షిప్ చేసిన పిల్లలు, అందుకే కూర్చుని రాస్తున్నా. ఈక్యూసీఆర్ అంటే ఆడిట్ రిపోర్ట్ ఇచ్చేముందు ఆ టీమ్‌లో లేని ఇంకో పార్ట్‌నర్ చేసే క్వాలిటీ రివ్యూ. నేను ఎనిమిదేళ్ళుగా లిస్టెడ్ కంపెనీల ఫైల్స్‌కి అది చేస్తున్నా, మా ఫర్మ్‌లో పూర్తయిన ఫైల్స్ తీసి చూసే కోల్డ్ రివ్యూ పని కూడా నాదే.

మొదటి మాట, చివర్లో సంతకమే అన్నది. ఆడిటింగ్ ప్రమాణం ఎస్‌ఏ 220 చాలా సూటిగా చెప్తుంది, లిస్టెడ్ కంపెనీ ఆడిట్‌లో ఈక్యూసీఆర్ పూర్తయ్యేదాకా ఎంగేజ్‌మెంట్ పార్ట్‌నర్ రిపోర్ట్ మీద తేదీ వెయ్యకూడదు. అంటే ఆ రివ్యూయర్ అడిగిన ప్రశ్నకి జవాబు రాకపోతే రిపోర్ట్ ఆగాలి, ఆపే అధికారం అతనికి ఉంది. ఫైల్ మొత్తం చదవమని ఎవరూ అడగట్లేదు, టీమ్ ఎక్కడ పెద్ద జడ్జిమెంట్ తీసుకుందో అక్కడికి వెళ్ళి, దానికి ఆధారంగా పెట్టిన పేపర్లు చూసి, ఆ ముగింపు నిలబడుతుందా లేదా తేల్చాలి. అది చివరి రాత్రి అయ్యే పని కాదు.

ఒక ఫైల్ సంగతి చెప్తాను, కంపెనీ ఎవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చాను. హైదరాబాద్ దగ్గర్లో ప్లాంట్ ఉన్న లిస్టెడ్ కంపెనీ, పన్నుకి ముందు లాభం 62 కోట్లు, అందులో 5 శాతం తీసుకుని మెటీరియాలిటీ, అంటే ఇంతకు మించిన తప్పు ఉంటే లెక్కలు చదివేవాళ్ళ నిర్ణయం మారుతుందనే హద్దు, 3.1 కోట్లు పెట్టారు. జనవరిలో ప్లానింగ్ అప్పుడే ఎంగేజ్‌మెంట్ పార్ట్‌నర్‌తో కూర్చున్నా కాబట్టి ఒక డీలర్ దగ్గర 18 కోట్లు ఏడాది దాటి ఇరుక్కుపోయిందని నాకు ముందే తెలుసు. మే మూడో వారంలో ఆ పేపర్ తెరిచాను. టీమ్ రాసింది ఏంటంటే, ఏప్రిల్ 28న 6 కోట్లు వచ్చింది, బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో టిక్ చేశాం, పార్టీ కడుతూనే ఉంది కాబట్టి మేనేజ్‌మెంట్ పెట్టిన 1.8 కోట్ల ప్రొవిజన్ సరిపోతుంది అని. టిక్ నిజమే, బ్యాంక్‌లో 6 కోట్లు పడింది కూడా నిజమే.

నేను అడిగింది ఒక్కటే, ఆ ఆర్‌టీజీఎస్ ఎవరి అకౌంట్ నుంచి వచ్చింది అని. టీమ్‌లో ఉన్న అమ్మాయి స్టేట్‌మెంట్ మళ్ళీ తీసింది, పంపినవాళ్ళ పేరు డీలర్ పేరు కాదు. సరే, గ్రూప్ కంపెనీ ఏమో అనుకుని ఆ తేదీకి అటు రెండు వారాలు ఇటు రెండు వారాలు స్టేట్‌మెంట్ చదవమన్నా, ఏప్రిల్ 25న ఇదే కంపెనీ ఒక కొత్త సప్లయర్‌కి సరిగ్గా 6 కోట్లు అడ్వాన్స్ ఇచ్చింది, ఆ సప్లయర్ రిజిస్టర్డ్ అడ్రస్, డబ్బు పంపినవాళ్ళ అడ్రస్ ఒకటే బిల్డింగ్, ఒకటే ఫ్లోర్. అంటే కంపెనీ డబ్బే బయటికి వెళ్ళి మూడు రోజుల్లో వసూలు పేరుతో తిరిగొచ్చింది. ఆ తర్వాత డీలర్‌కి మేమే నేరుగా కన్ఫర్మేషన్ పంపాం, అతను ఆ 6 కోట్ల ఊసే ఎత్తలేదు, మొత్తం బాకీ మీద గొడవ ఉందని రాశాడు. మోసం అనుమానం వస్తే ఆడిటర్ చెప్పాలనే కంపెనీల చట్టం సెక్షన్ 143(12) ప్రకారం విషయం ఆడిట్ కమిటీకి రాతపూర్వకంగా వెళ్ళింది, బోర్డు మీటింగ్ మే 28 నుంచి 30కి జరిగింది, ఆ వసూలు ఎంట్రీని లెక్కలోంచి పక్కనపెట్టి చూశాక ప్రొవిజన్ 1.8 నుంచి 9 కోట్లకి వెళ్ళింది. తేడా 7.2 కోట్లు, మెటీరియాలిటీకి రెండింతల పైన.

ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు, నాకు వారం టైమ్ ఉంది, జనవరి నుంచి ఎక్కడ చూడాలో తెలుసు, అంతే. అదే ఏడాది కోల్డ్ రివ్యూలో ఇంకో ఫైల్ చూశా, ఆడిట్ సాఫ్ట్‌వేర్ లాగ్ తీస్తే ఈక్యూసీఆర్ పార్ట్‌నర్ రిపోర్ట్‌కి ముందు రాత్రి 11:20కి లాగిన్ అయి 14 నిమిషాల్లో 11 పేపర్లు తెరిచి సైన్ ఆఫ్ చేసి వెళ్ళిపోయారు. చెక్‌లిస్ట్ మాత్రం నిండుగా ఉంది, ప్రతి లైన్‌కి "అవును". ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళు చూసేది ఈ లాగ్, టైమ్‌షీట్, రివ్యూయర్ అడిగిన ప్రశ్నలు. ఒక్క ప్రశ్న కూడా లేని ఈక్యూసీఆర్ ఫైల్ చూస్తే నాకే అనుమానం వస్తుంది, వాళ్ళకి రాదా? ఆడిటర్ల మీద నియంత్రణ సంస్థ ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ఇచ్చిన ఉత్తర్వుల్లో ఎంగేజ్‌మెంట్ పార్ట్‌నర్‌తో పాటు ఈక్యూసీఆర్ పార్ట్‌నర్ మీద కూడా చర్య తీసుకున్నవి ఉన్నాయి, కాబట్టి ఆ సంతకం కింద ఉన్న పేరు మీదే అని గుర్తుపెట్టుకోండి.

రెండో మాట, పేపర్ పెట్టలేదంతే అన్నది. దీనికి మన ఊరి కేసే జవాబు. సత్యం. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లెటర్‌లో పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంక్ బ్యాలెన్సుల్లో 5,040 కోట్లు లేనివే అని ఉంది. 2011 ఏప్రిల్‌లో అమెరికాలో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ, ఆడిటర్ల నియంత్రణ సంస్థ పీసీఏఓబీ రెండూ సత్యం ఆడిటర్లైన ప్రైస్ వాటర్‌హౌస్ ఇండియా సంస్థల మీద ఇచ్చిన ఉత్తర్వులు ఒకసారి తీసి చదవండి (ఆ సంస్థలు ఆరోపణల్ని ఒప్పుకోకుండా, కాదనకుండా సెటిల్ చేసుకున్నాయి, ఎస్‌ఈసీకి 60 లక్షల డాలర్లు, పీసీఏఓబీకి 15 లక్షల డాలర్లు కట్టాయి). అక్కడ సమస్య పేపర్ లేకపోవడం కాదు. బ్యాంక్ కన్ఫర్మేషన్లు పంపించడం, తిరిగి తెచ్చుకోవడం రెండూ క్లయింట్ చేతిలో వదిలేశారన్నది అసలు సమస్య. బ్యాంక్ నుంచి ఆడిటర్‌కి నేరుగా రావాల్సిన కాగితం కంపెనీ వాళ్ళ చేతుల మీదుగా వస్తే అది ఎంత పెద్ద ఫైల్‌లో ఎంత నీట్‌గా పెట్టినా ఎవిడెన్స్ కాదు. కన్ఫర్మేషన్ మీద కంట్రోల్ ఆడిటర్ దగ్గరే ఉండాలని ఎస్‌ఏ 505 చెప్పేది ఇందుకే.

నా కేసులో కూడా అంతే కదా, పేపర్ ఉంది, టిక్ ఉంది, తేదీ ఉంది, డబ్బు ఎవరిదో చూడలేదు. నిజంగా పని చేసి రాయడం మర్చిపోయిన సందర్భాలు ఉంటాయి, కాదనను, కానీ వాటిని వేరు చేయడం ఈజీ. ఆ పేపర్ చేసిన సీనియర్‌ని కూర్చోబెట్టి "ఏ డాక్యుమెంట్ చూశావు, ఏం తేడా కనిపించింది, ఎవరితో మాట్లాడావు" అని అడగండి, చేసినవాడు రెండు నిమిషాల్లో చెప్పేస్తాడు, ఆ డాక్యుమెంట్ కూడా చూపిస్తాడు. చెయ్యనివాడు "మేనేజ్‌మెంట్‌తో డిస్కస్ చేశాం సర్" అంటాడు. ఇంకోటి, నోటి మాట ఫైల్‌లో ఉన్నదాన్ని వివరించడానికి పనికొస్తుంది గానీ లేని పనికి ఆధారం కాదు, ఇది ఎస్‌ఏ 230లోనే ఉంది.

మూడో మాట, తప్పు ఆ పార్ట్‌నర్‌దే గానీ ఫర్మ్‌ది కాదన్నది, దీని మీద నాకు అన్నిటికంటే గట్టి అభిప్రాయం ఉంది. సత్యం మీద ఎస్‌ఈసీ ఒక్క ఎంగేజ్‌మెంట్ దగ్గర ఆగలేదు, కన్ఫర్మేషన్లని క్లయింట్‌కి వదిలెయ్యడం ఆ ఫర్మ్‌ల్లో మామూలు అలవాటు అయిపోయిందని, అది క్వాలిటీ కంట్రోల్ వైఫల్యమని చెప్పింది. అందుకే శిక్ష కూడా ఫర్మ్ స్థాయిలోనే పడింది, ఆరు నెలలు కొత్త అమెరికా క్లయింట్లని తీసుకోకూడదన్నారు, ట్రైనింగ్, ప్రొసీజర్లు మార్చమన్నారు. మన చట్టంలో సెక్షన్ 132(4) కూడా వ్యక్తికి వేరుగా, ఫర్మ్‌కి వేరుగా పెనాల్టీ పెట్టింది, వ్యక్తికి కనీసం లక్ష, ఫర్మ్‌కి కనీసం 5 లక్షలు, పైన వ్యక్తికి ఫీజుకి ఐదింతలు, ఫర్మ్‌కి పదింతల దాకా.

అన్యాయమా కాదా అని వాదించే ముందు ఒక పని చేసి చూడండి, మేం చేసింది అదే. ఆ 6 కోట్ల సంగతి బయటపడ్డాక ఆ టీమ్‌ని తిట్టి వదిలెయ్యకుండా, మార్చి 31 తర్వాత వచ్చిన వసూళ్ళ మీద ఆధారపడిన ఇంకో తొమ్మిది ఫైల్స్ వేరే వేరే పార్ట్‌నర్లవి తీసి చూశాం. ఐదింటిలో డబ్బు పంపినవాళ్ళ పేరు ఎవరూ చూడలేదు. ఐదుగురు పార్ట్‌నర్లు, ఐదు టీమ్‌లు, ఒకళ్ళతో ఒకళ్ళకి సంబంధం లేదు, తప్పు మాత్రం ఒకటే ఎలా వచ్చింది? ఫర్మ్ ఇచ్చిన టెంప్లేట్ తెరిస్తే తెలిసింది. తేదీ, మొత్తం, టిక్, మూడే కాలమ్స్ ఉన్నాయి, ఎవరి నుంచి వచ్చింది అన్న కాలమే లేదు. ఆ టెంప్లేట్ ఏళ్ళ కిందట చేసింది ఫర్మ్, ట్రైనింగ్‌లో దాన్నే నేర్పింది ఫర్మ్. మరి ఆ పార్ట్‌నర్ ఒక్కడి తప్పు అని ఎలా అంటాం? అతని బాధ్యత పోదు, ఈక్యూసీఆర్ ఉన్నా కూడా పోదు, కానీ అతన్ని మార్చి ఇంకొకర్ని పెడితే అదే తప్పు మళ్ళీ వస్తుంది.

ఇక చిన్న ఫర్మ్‌ల సంగతి. ఇందులో కొంత నిజం ఉంది. ఫర్మ్‌ల క్వాలిటీ కంట్రోల్ ప్రమాణం ఎస్‌క్యూసీ 1లో ఈక్యూసీఆర్ తప్పనిసరి అన్నది లిస్టెడ్ కంపెనీలకి, మిగతావాటిలో వేటికి కావాలో ఫర్మ్ తనే ప్రమాణాలు పెట్టుకోవాలి, కాబట్టి ఊళ్ళో రైస్ మిల్లు ఆడిట్‌కి రెండో పార్ట్‌నర్‌ని వెతుక్కోమని ఎవరూ అనట్లేదు. ఇద్దరే పార్ట్‌నర్లున్న ఫర్మ్‌కి లిస్టెడ్ క్లయింట్ ఉంటే బయటి నుంచి అర్హత ఉన్నవాళ్ళని పెట్టుకోవచ్చని కూడా అందులోనే ఉంది. ఖర్చు అవుతుంది, అవును, ఆ ఖర్చు ఫీజులో అడగలేకపోతే ఆ ఆడిట్ ఒప్పుకోవాలా వద్దా అన్నది ముందే ఆలోచించుకోవాలి. నాకు కష్టంగా కనిపించేది వేరే, ఇద్దరు స్నేహితులు నీది నేను, నాది నువ్వు అని ఒకరి ఫైల్‌కి ఒకరు ఈక్యూసీఆర్ చేసుకోవడం. అక్కడ గట్టి ప్రశ్న అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌క్యూఎమ్ 2 అయితే నిన్నటిదాకా ఎంగేజ్‌మెంట్ పార్ట్‌నర్‌గా ఉన్నవాళ్ళు అదే క్లయింట్‌కి రివ్యూయర్ అవ్వాలంటే రెండేళ్ళు ఆగాలంటుంది, సొంత నిర్ణయాన్ని సొంతంగా తప్పు పట్టడం ఎవరికీ రాదు కాబట్టి.

మా టెంప్లేట్‌లో ఇప్పుడు పంపినవాళ్ళ పేరు, అకౌంట్, అటు ఇటు రెండు వారాల్లో అదే మొత్తం బయటికి వెళ్ళిందా అన్న మూడు కాలమ్స్ పెరిగాయి. మార్చినంత మాత్రాన అయిపోలేదు, ఈ ఏడాది మళ్ళీ ఆరు ఫైల్స్ తీశాం, నాలుగింటిలో స్టేట్‌మెంట్ కాపీతో సహా నిజంగా చేశారు, రెండింటిలో కొత్త కాలమ్ కింద పైనుంచి కిందదాకా "పార్టీయే" అని కాపీ పేస్ట్ చేసి వదిలేశారు. ఆ రెండు టీమ్‌లతో వచ్చే సోమవారం కూర్చుంటున్నాం, బ్యాంక్ స్టేట్‌మెంట్లు కూడా పట్టుకు రమ్మన్నా.